స్లాబు క్యూరింగ్‌కు నీటి పరిమాణం: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు

ఇంటి పైకప్పుకు పోసిన కాంక్రీటు స్లాబు గట్టిపడే రోజుల్లో దానిలోని తేమ ఆరిపోకుండా కాపాడడాన్ని క్యూరింగ్ అంటారు. ఆ గడువు మొత్తానికి పైనుంచి అందించవలసిన నీటిని క్యూరింగ్ నీటి పరిమాణంగా లెక్కిస్తారు. వాడుకలో స్లాబుకు నీళ్ళు కట్టడం, తడపడం, మడులు కట్టి నీళ్ళు నిలబెట్టడం అనే మాటలు ఈ పనికే వర్తిస్తాయి. లెక్కకు కావలసిన కొలతలు రెండు: స్లాబు వైశాల్యం, దానిమీద నిలిపే నీటి లోతు. ఇక్కడ లోతు అంటే స్లాబు మందం కాదు. అంచనాల్లో దొర్లే తప్పులు ఎక్కువగా ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చేవే.

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవి అంచు గ్రామాల్లో ఈ లెక్క అవసరం ఎక్కువ. వేసవిలో ఈ ప్రాంతం రాష్ట్రంలోనే అత్యంత వేడిగా ఉండే చోట్లలో ఒకటి. అదే సమయంలో వాగులు ఎండుతాయి, చేతిపంపుల్లో నీరు అడుగంటుతుంది. స్లాబు పోయడానికి అనువైన పొడి కాలమూ, నీటికి కరువైన కాలమూ ఒకటే కావడంతో ఎన్ని నీళ్ళు కావాలో స్లాబు పోయకముందే తెలియాలి.

ప్రాంతం, నిర్మాణ నేపథ్యం

పూర్వపు ఖమ్మం జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విడిగా ఏర్పడింది. అంతకు రెండేళ్ళ ముందే, 2014లో, పోలవరం ముంపు కింద గుర్తించిన కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. గోదావరి ఒడ్డున భద్రాచలం, దానికి ఎగువన దుమ్ముగూడెం, చర్ల, పడమర వైపు అడవుల్లో గుండాల వంటి మండలాల్లో కోయ గూడేలు విస్తారంగా ఉన్నాయి. ఇక్కడి ఇళ్ళు చాలాకాలం మట్టి పూసిన తడిక గోడలతో, తాటాకు లేదా గడ్డి కప్పుతో, కొన్నిచోట్ల పెంకు కప్పుతో ఉండేవి. ఆ కప్పుల్లో దేనికీ కట్టిన తర్వాత నీళ్ళు పెట్టే పని లేదు.

ప్రభుత్వ గృహ పథకాలతో కాంక్రీటు స్లాబు ఈ గూడేలకు చేరింది. తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ళ పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలోనే ప్రారంభించింది. సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం అందించే ఈ పథకంలో ఇంటి వైశాల్యం కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. ఈ వ్యాసంలోని లెక్కకు ఆ కొలతనే తీసుకున్నాము.

నీరు ఎందుకు అవసరం

సిమెంటు ఆరడం వల్ల గట్టిపడదు, నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. దీన్ని జలీకరణం అంటారు (చూ. సిమెంటు జలీకరణం). 1940లలో అమెరికాలో పవర్స్, ఆయన సహచరులు జరిపిన పరిశోధనలు ఈ చర్యకు కావలసిన నీటికి అంకెలు ఇచ్చాయి. బరువులో 100 పాళ్ళ సిమెంటు సుమారు 23 పాళ్ళ నీటిని తనలో బంధించుకుంటుంది. మరికొంత నీరు జిగురు పదార్థపు సన్నని రంధ్రాల్లో చిక్కుకుపోతుంది. కాంక్రీటు లోపలి తేమ దాదాపు 80 శాతం కంటే తగ్గితే చర్య ఇంచుమించు ఆగిపోతుంది.

కాంక్రీటు కలిపేటప్పుడు పోసే నీరు మామూలుగా ఈ చర్యకు సరిపోతుంది. కాబట్టి క్యూరింగ్ నీటి ముఖ్యమైన పని సిమెంటుకు కొత్తగా నీరు తాగించడం కాదు, లోపల ఉన్న నీరు ఎగిరిపోకుండా పైన అడ్డుగా నిలవడం. స్లాబు నిజంగా పీల్చుకునే నీరు కొద్దిగా ఉంటుంది. జలీకరణం జరిగేకొద్దీ సిమెంటు, నీరు కలిసిన ఘనపరిమాణం కొంచెం కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ నిండడానికి కిలో సిమెంటుకు సుమారు 60 మిల్లీలీటర్ల నీరు సరిపోతుంది, అదీ చర్య పూర్తిగా జరిగితే.

దీన్ని 400 చదరపు అడుగుల స్లాబుకు వర్తింపజేద్దాం. వైశాల్యం 37 చదరపు మీటర్లు, మందం 5 అంగుళాలు అనుకుంటే కాంక్రీటు సుమారు 4.7 ఘనపు మీటర్లు అవుతుంది. ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్ళ మిశ్రమంలో ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాలు పడతాయి. అంటే 38 బస్తాలు, 1,900 కిలోలు. ఇంత సిమెంటు పైనుంచి పీల్చుకోగల నీరు 115 లీటర్లకు మించదు. మందాన్ని ఆరు అంగుళాలకు పెంచినా ఈ అంకెకు మరో 20 లీటర్లకు పైచిలుకు మాత్రమే చేరుతుంది. మొత్తం అవసరం వేల లీటర్లలో ఉంటుంది గనుక, స్లాబు మందాన్ని నీటి లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

గడువు

భారతీయ ప్రమాణం ఐఎస్ 456 మొదట 1953లో వెలువడింది. దాని 2000 నాటి నాలుగో సవరణ ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడితే కనీసం 7 రోజులు, బూడిద వంటి ఖనిజాలు కలిసిన సిమెంటు వాడితే కనీసం 10 రోజులు కాంక్రీటు పైభాగాన్ని ఎడతెగకుండా తడిగా ఉంచాలి. పొడి వేడి వాతావరణంలో ఏ సిమెంటుకైనా 10 రోజులకు తగ్గరాదు. ఖనిజాలు కలిసిన సిమెంటుకు 14 రోజుల వరకు పొడిగించడం మంచిదని అదే ప్రమాణం సూచిస్తుంది.

ఇళ్ళ పనికి దుకాణాల్లో విరివిగా దొరికే పీపీసీ సిమెంటులో థర్మల్ విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే బూడిద కలిసి ఉంటుంది. బూడిద చర్య నిదానంగా మొదలవుతుంది. తడి ఏడో రోజునే ఆగిపోతే దాని బలం స్లాబుకు దక్కదు. అందువల్ల ఈ ప్రాంతపు వేసవి పనికి 14 రోజుల గడువు తీసుకోవడం సబబు. సెంట్రింగ్ విప్పే గడువు వేరు (చూ. సెంట్రింగ్). దాన్ని విప్పేశారని క్యూరింగ్ ఆపడం సరికాదు.

లెక్క కట్టే పద్ధతి

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు లోతు నీరు సరిగ్గా ఒక లీటరు అవుతుంది. మేస్త్రీలు వాడే కొలతలో చదరపు అడుగు మీద ఒక అంగుళం నీరు 2.36 లీటర్లు. 400 చదరపు అడుగుల మీద ఒక అంగుళం నీరు నిలపాలంటే సుమారు 944 లీటర్లు పడుతుంది.

మొదటిసారి మడి నింపే నీరు, ఆ తర్వాత రోజూ తగ్గినంత పోసే నీరు అని రెండు భాగాలుగా లెక్కవేసి కలపడం వాడుకలో ఉంది. అయితే మొదట నింపిన నీరు ఎటూ పోలేదు, మడిలోనే నిల్వ ఉంది. గడువు చివర దాన్ని కూడా వాడుకోవచ్చు. అందువల్ల మొత్తం అవసరాన్ని నష్టాల వైపు నుంచి చూస్తే లెక్క సూటిగా తేలుతుంది:

మొత్తం నీరు (లీటర్లు) = వైశాల్యం (చ.మీ.) × [రోజువారీ నష్టం (మి.మీ.) × రోజులు + చివర మిగిలే లోతు (మి.మీ.) − మడిలో నిలిచిన వాన (మి.మీ.)]

రోజువారీ నష్టంలో ఆవిరి ఒక భాగం, కారుడు రెండో భాగం. నడివేసవిలో తెరిచి ఉన్న నీటి నుంచి రోజుకు 8 నుంచి 12 మిల్లీమీటర్లు, వానాకాలంలోనూ చలికాలంలోనూ 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఆవిరవుతుందని అంచనాకు తీసుకోవచ్చు. కారుడుకు ఇలాంటి అంకె ముందుగా ఇవ్వడం కష్టం, ఎందుకంటే అది గట్ల పనితనం మీద ఆధారపడుతుంది. బాగా కట్టిన మడిలో రోజుకు 5 మిల్లీమీటర్లు అనుకుని మొదలుపెట్టి, రెండో రోజు కొలిచి సరిచేసుకోవాలి.

వేసవి స్లాబుకు లెక్క

స్లాబు వైశాల్యం 37 చదరపు మీటర్లు, పైభాగం సమతలం, మడిలో నీటి లోతు 40 మిల్లీమీటర్లు, ఆవిరి 10, కారుడు 5, గడువు 14 రోజులు అనుకుందాం. మొదటి ఉదయం నింపడానికి 37 × 40 = 1,480 లీటర్లు కావాలి. రోజుకు 15 మిల్లీమీటర్లు తగ్గుతుంది కాబట్టి మర్నాటి నుంచి 555 లీటర్లు పోయాలి. ఇది చదరపు మీటరుకు ఒక 15 లీటర్ల బకెట్ చొప్పున రోజుకు 37 బకెట్లు.

రెండో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ప్రతి ఉదయం పోస్తే మొత్తం 8,695 లీటర్లు ఖర్చవుతుంది. గడువు ముగిసేసరికి మడిలో ఇంకా 25 మిల్లీమీటర్ల నీరు మిగిలే ఉంటుంది. పద్నాలుగో ఉదయం పోయడం మానేస్తే సాయంత్రానికి 10 మిల్లీమీటర్లు మిగులుతుంది, స్లాబు ఎక్కడా ఆరదు. అప్పుడు మొత్తం 37 × (15 × 14 + 10) = 8,140 లీటర్లు. ముందు చెప్పిన 115 లీటర్ల పీల్పు ఇందులో నూటికి ఒకటిన్నర వంతు కూడా కాదు, కారుడుకు వేసిన అంచనాలోనే ఇమిడిపోతుంది.

సాధారణ సిమెంటుతో 10 రోజులకే ఆపితే ఇదే స్లాబుకు 5,920 లీటర్లు చాలు. వానాకాలంలో ఆవిరి 4, కారుడు 5 అనుకుంటే 14 రోజులకు 5,032 లీటర్లు అవుతుంది. ఆ రోజుల్లో మడిలో నిలిచిన వాన 60 మిల్లీమీటర్లు ఉంటే మోసి పోయవలసింది 2,812 లీటర్లకు దిగుతుంది. గట్టు దాటి పొర్లిపోయిన వానను ఈ లెక్కలో చేర్చకూడదు. ఒకే రాత్రి భారీగా కురిస్తే దానిలో మడికి దక్కేది గట్టు ఎత్తు వరకే, పైగా మట్టి గట్లు తెగిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఈ అంకెలను తాగునీటి సరఫరాతో పోల్చి చూడాలి. మిషన్ భగీరథ గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అందించాలనే లక్ష్యంతో రూపొందింది. నలుగురున్న కుటుంబానికి అది 400 లీటర్లు. వేసవి స్లాబు ఒక్కటే రోజుకు 555 లీటర్లు అడుగుతుంది. నల్లా నీటి మీదే ఆధారపడి స్లాబు పోస్తే ఇంటి అవసరాలో స్లాబో ఏదో ఒకటి ఎండక తప్పదు. ఒకే గూడెంలో నాలుగైదు ఇళ్ళకు ఒకే వారంలో స్లాబు పడితే ఒత్తిడి ఉమ్మడి బోరు మీదకు చేరుతుంది. స్లాబు తేదీలను వారాల తేడాతో పెట్టుకోవడం, లేదా ట్యాంకరు నీటి ఖర్చును ముందే అంచనాలో చేర్చడం దీనికి పరిష్కారాలు.

మడి కట్టడం, లోతు నిర్ణయం

కాంక్రీటు పోసిన రోజున నీళ్ళు నిలపరు. పైభాగం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు పడిన నీరు సిమెంటు పాలను కడిగేస్తుంది. అయితే ఆ మొదటి గంటలే వేసవిలో ప్రమాదకరమైనవి. ఎండా గాలీ కలిసి గంటకు చదరపు మీటరు నుంచి ఒక కిలో నీటిని లాగేసే పరిస్థితి ఉంటే పచ్చి కాంక్రీటు మీద సన్నని పగుళ్ళు వస్తాయి. అందుకే స్లాబు పనిని సాయంత్రానికి ముగిసేలా పెట్టుకుని, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, గట్టిపడగానే తడి గోనె సంచులు పరుస్తారు. మర్నాడు మడులు కట్టి నీళ్ళు నింపుతారు.

గట్లను బంకమట్టితో గానీ, సిమెంటు తక్కువగా కలిపిన ఇసుకతో గానీ రెండు మూడు అంగుళాల ఎత్తున పోస్తారు. బంకమట్టి గట్టు ఖర్చు లేనిదే అయినా ఒకపక్క ఎండితే బీటలు వారి కారుతుంది.

స్లాబును ఒకే మడిగా ఉంచాలా, విడగొట్టాలా అన్నది వాలును బట్టి ఉంటుంది. మీటరుకు సెంటీమీటరు వాలున్న 6 మీటర్ల స్లాబుకు రెండు చివరల మధ్య 60 మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. ఎగువ అంచున 25 మిల్లీమీటర్లు నిలవాలంటే దిగువన 85 మిల్లీమీటర్లు నిలపాలి, సగటున 55. మధ్యలో అడ్డంగా ఒక గట్టు వేసి రెండు వరుసలు చేస్తే సగటు 40కి తగ్గుతుంది. మొదటి నింపుకు 2,000 లీటర్లకు పైగా పట్టేచోట 1,480 సరిపోతుంది. గట్టు తెగినప్పుడు పోయే నీరు కూడా ఒక్క మడిదే అవుతుంది.

లోతు పెంచినంత మాత్రాన స్లాబు బలం పెరగదు. కనీస లోతుకు పైన నిలిపే నీరంతా ఆలస్యానికి నిల్వ మాత్రమే. రోజూ నీళ్ళు పోసే వీలుంటే ఒక అంగుళం చాలు. పొలం పనులకో కూలికో వెళ్ళి రెండు రోజులకోసారి చూసుకునే ఇంట్లో రెండు అంగుళాలు అవసరం. రెండు అంగుళాల నీటి బరువు చదరపు మీటరుకు సుమారు 50 కిలోలు. ఐదు అంగుళాల స్లాబు తన సొంత బరువే 300 కిలోలు దాటుతుంది కాబట్టి ఈ అదనం సెంట్రింగ్‌కు భారం కాదు.

మిట్టమధ్యాహ్నం కాలుతున్న స్లాబు మీద బోరునీళ్ళు ఒక్కసారిగా పోయకూడదు. కాంక్రీటు కంటే నీరు 11 డిగ్రీలకు మించి చల్లగా ఉండరాదని అమెరికా కాంక్రీటు సంస్థ సూచన. మొదటి నింపుకు ఉదయం వేళ మంచిది.

నష్టాన్ని కొలవడం

అంచనా సరిగా ఉందో లేదో ఒక పళ్ళెంతో తేలుతుంది. వెడల్పైన స్టీలు బేసిన్‌లో నీళ్ళు పోసి, మడి నీటిలోనే సగం మునిగేలా ఉంచాలి. విడిగా ఎండలో పెడితే బేసిన్ వేడెక్కి ఆవిరి ఎక్కువ చూపిస్తుంది. బేసిన్‌లోనూ మడిలోనూ నీటి మట్టాలను ఒకే వేళ స్కేలుతో కొలిచి, 24 గంటల తర్వాత మళ్ళీ కొలవాలి. బేసిన్‌లో తగ్గింది ఆవిరి. మడిలో అంతకంటే ఎక్కువ తగ్గితే ఆ తేడా కారుడు. ఉదాహరణకు బేసిన్‌లో 10, మడిలో 24 మిల్లీమీటర్లు తగ్గాయంటే కారుడు 14. పైన అనుకున్న 5కు బదులు 14 పడితే 14 రోజులకు అదనంగా 4,600 లీటర్లకు పైగా పోతుంది. గట్లను ఒక పూట మెత్తి సరిచేయడం అంత నీరు మోయడం కంటే తేలిక.

కారుడు ఎక్కడుందో కింది నుంచి చూస్తే తెలుస్తుంది. ఫ్యాన్ హుక్కు పెట్టెలు, కరెంటు పైపుల మూతుల దగ్గర బొట్లు పడుతుంటే నీరు ఆ సందుల్లోంచి దిగుతున్నట్టు. స్లాబు మధ్యలో విడిగా మచ్చలా తడి కనిపిస్తే అక్కడ కాంక్రీటు సరిగా కూరలేదని, తేనెపట్టులా ఖాళీలున్నాయని అనుమానించాలి. మడి నీరు ఈ రకంగా స్లాబు లోపాన్ని ముందుగానే బయటపెడుతుంది. ఆ మచ్చను గుర్తుపెట్టుకుని, క్యూరింగ్ ముగియగానే మరమ్మతు చేయించాలి. నీళ్ళు కారుతున్నాయని మడినే తీసేయడం వల్ల లోపం అలాగే ఉండిపోతుంది.

క్యూరింగ్ చాలని స్లాబును పైపొర చూసి పోల్చవచ్చు. గోటితోనో మేకుతోనో గీస్తే తెల్లటి పొడి రాలుతుంది, ఊడ్చిన ప్రతిసారీ దుమ్ము లేస్తుంది. ఒకసారి బాగా ఆరిపోయిన పైపొరకు తర్వాత ఎన్ని నీళ్ళు పెట్టినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాదు.

నీటి నాణ్యత

ఐఎస్ 456 ప్రకారం నీటి పీహెచ్ విలువ 6కు తగ్గరాదు. కాంక్రీటు కలపడానికి పనికివచ్చే నీరు క్యూరింగ్‌కూ పనికివస్తుంది, కాని మరక పడకూడదు. టానిక్ ఆమ్లం, ఇనుము సమ్మేళనాలు ఉన్న నీరు క్యూరింగ్‌కు అభ్యంతరకరమని ప్రమాణం విడిగా పేర్కొంది. అడవి అంచున ఈ నిబంధనకు ప్రాధాన్యం ఉంది. వేసవిలో వాగు మడుగుల్లో రాలిన ఆకులు, బెరళ్ళు నాని నీరు టీ రంగుకు తిరుగుతుంది, ఆ రంగు టానిన్లదే. కొన్ని బోర్ల నీరు పైకి వచ్చాక కాసేపటికి తుప్పు రంగు తేలుతుంది, అది ఇనుము. ఇలాంటి నీటిని తెల్లని గిన్నెలో ఒక రాత్రి ఉంచి చూసి, రంగు తేలితే వేరే నీరు వెతకడం మేలు.

నీరు చాలని చోట

మడికి సరిపడా నీరు లేనప్పుడు మొదటి ప్రత్యామ్నాయం గోనె సంచులు. సంచులను తెరిచి ఉంచితే ఆవిరి మడిలో మాదిరే ఉంటుంది. నిల్వ లేనందువల్ల రోజుకు నాలుగైదుసార్లు తడపాలి, ఒక మధ్యాహ్నం మరిచిపోతే స్లాబు ఆరుతుంది. తడిపిన సంచుల మీద ప్లాస్టిక్ పట్టా కప్పి అంచులను ఇటుకలతో అదిమితే ఆవిరి చాలావరకు ఆగుతుంది. అప్పుడు రోజుకు చదరపు మీటరుకు రెండు లీటర్లు చాలునని అనుకుంటే, 37 చదరపు మీటర్లకు 14 రోజుల్లో సుమారు 1,040 లీటర్లు అవుతుంది. ఇది మడి నీటిలో ఎనిమిదో వంతు. పట్టా గాలికి లేచిందా అని రోజూ పైకెక్కి చూడాలి. అంచుల్లో సంచి రంగు తేలిపోయిందంటే అక్కడ తడి పోయినట్టే. ఏ పద్ధతిలోనైనా స్లాబు పక్క అంచులు, బయటికి వచ్చిన సజ్జాలు మడిలోకి రావు గనుక వాటికి విడిగా తడి గోనె చుట్టాలి.

నీరే అక్కరలేని పద్ధతి క్యూరింగ్ ద్రావణం పూయడం (చూ. క్యూరింగ్ ద్రావణాలు). కాంక్రీటు మీది తడి మెరుపు పోగానే దీన్ని చల్లితే పలుచని పొరగా ఆరి తేమను లోపల బంధిస్తుంది. అయితే ఆ పొర మీద తర్వాత వేసే సిమెంటు పూత గాని, నీరు దిగకుండా వేసే వాలు పొర గాని సరిగా పట్టదు. పైన అలాంటి పూత వేయదలచిన స్లాబుకు ద్రావణం వాడితే, పూతకు ముందు దాన్ని గీకి పూర్తిగా తొలగించాలి.